మాయమైన మెనూ

తారికి చదువు రాదు. ఆ మాయం ముందుగా ఆమె కంటపడింది అందుకే.

చదువొచ్చినవాళ్లు ఫోనులో అక్షరాలు చూస్తారు. తారి బొమ్మలు చూస్తుంది. ఆకుపచ్చ బొమ్మ మాట్లాడటానికి, అద్దం బొమ్మ ఫోటోలకి. మూడో వరుస చివర ఉండే చిన్న కార్డు బొమ్మ దేనికో ఆమెకు తెలియదు. కాని అది ఉన్నన్నాళ్లూ పొద్దున్నే ఫోను మీద దానంతటదే ఓ ముచ్చట వెలిగేది. రాశి ఫలం వినాలా, క్రికెట్ స్కోరు కావాలా, సినిమా పాట పెట్టుకోవాలా అని. తారి ప్రతిరోజూ కుడివైపు నొక్కి దాన్ని పంపించేది. ఎడమవైపు నొక్కితే పైసలు పోతాయని కూతురు రాజీ నేర్పింది.

"బిడ్డా, ఆ కార్డు బొమ్మ పోయింది" అంది తారి, మహబూబాబాద్ స్టేషన్ రోడ్డులో కూతురి సెల్‌ఫోన్ కొట్టు బెంచీ మీద కూర్చుని. "వారమాయె. పొద్దుగాల పలకరించుడు కూడ బందైంది."

"మంచిదే కద యాడీ. దేశమంత ఆ మెసేజ్‌లతోని సతమతమైతుంటే నువ్వొక్కదానివి వస్తలేవని బాధపడుతున్నవు" అని రాజీ నవ్వింది. ఆమె చేతిలో విప్పిన ఫోను, నోట్లో చిన్న స్క్రూ. యాడీ అంటే లంబాడీలో అమ్మ. ఇంట్లో లంబాడీ, కొట్లో తెలుగు, కోపమొస్తే రెండూ. అది ఆ కుటుంబం అలవాటు.

ఆ పొద్దున రాజీకి కార్డు బొమ్మ గురించి ఆలోచించే తీరిక లేదు. చెల్లెలు సుజాత గంట నుంచి కౌంటర్ మీది కంప్యూటర్ ముందు గోళ్లు కొరుకుతోంది. నర్సింగ్ కౌన్సెలింగ్. కాలేజీల ఎంపికకు ఈ సాయంత్రం ఐదింటితో గడువు అయిపోతుంది. పది రోజుల కింద పదకొండు కాలేజీలు పెట్టుకుంది. ఇవాళ వరుస సరిచూసుకుని, ఎంపికను ఖరారు చేసే ఫ్రీజ్ బటన్ నొక్కాలి. నొక్కకపోతే ఆ ర్యాంకు గోడకు తగిలించుకోవడానికే పనికొస్తుంది. సైటులోకి వెళ్లాలంటే ఓటీపీ కావాలి. ఓటీపీ వచ్చేది తారి నంబరుకు. సుజాతకు సొంత ఫోను లేదు కాబట్టి దరఖాస్తులో అమ్మ నంబరే ఇచ్చారు.

ఓటీపీ రావడం లేదు. ఐదుసార్లు పంపామంది సైటు.

"బావకు ఫోన్ చెయ్యక్కా" అంది సుజాత.

బావ అంటే చందు, రాజీ మొగుడు. ఆ కొట్టు ఇద్దరిదీ. చందు సిమ్‌లు, రీఛార్జులు చూసుకుంటాడు, రాజీ రిపేర్లు. ఆ రోజు అతను జనగామ వెళ్లాడు. డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఏజెంట్ల మీటింగు, సాయంత్రందాకా.

"సర్వర్ లోడ్ ఉంటది రాజీ, లాస్ట్ డేట్ కద" అన్నాడు చందు ఫోన్‌లో, తాపీగా. "పరేషాన్ కాకున్రి. మధ్యాహ్నం దాటినంక చూడున్రి, అదే వస్తది."

రాజీ ఫోన్ పెట్టేసింది. మొగుడి మాట మీద ఆమెకు ఎంత నమ్మకమంటే, ఆరేళ్ల కాపురంలో ఒక్కసారి కూడా అతని ఫోను తెరిచి చూడలేదు.

అయినా చేతులు ఊరుకోవు. అమ్మ ఫోను అందుకుంది. కార్డు బొమ్మ నిజంగానే లేదు. రిపేర్ చేసేవాళ్లకి ఇది రోజూ వచ్చే ఫిర్యాదే. సిమ్ టూల్‌కిట్ అనే ఆ మెనూ ఫోనుది కాదు, సిమ్‌ది. కార్డులోని చిప్పు మీద కంపెనీ ఓ చిన్న ప్రోగ్రాము రాసి పెడుతుంది. ఫోను కార్డును చదవగానే అది నా దగ్గర ఈ మెనూ ఉంది, చూపించు అంటుంది. ఫోను బొమ్మ పెడుతుంది. అంతే. కార్డు చదవబడకపోతే బొమ్మ ఉండదు.

ముందు ఎయిర్‌ప్లేన్ మోడ్ చూసింది. లేదు. సెట్టింగుల్లో ఎవరైనా సిమ్ ఆఫ్ చేశారా? లేదు. యాప్‌ల జాబితాలో టూల్‌కిట్‌ను డిసేబుల్ చేశారా? చేయలేదు. ఫోను ఆపి, ట్రే తీసి, కార్డును మెత్తటి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టింది. సిగ్నలు నిండుగా వచ్చింది. బొమ్మ రాలేదు.

కార్డును ఫోను చదువుతోంది. కాని కార్డు తనకు మెనూ లేదంటోంది.

రాజీ మళ్లీ ట్రే లాగింది. ఈసారి గుడ్డతో కాదు, కళ్లతో చూసింది. అమ్మ కార్డు ఎనిమిదేళ్ల నాటిది. కొట్లో కత్తెరతో కత్తిరించి చిన్నది చేసినది, ఓ మూల వంకర. ఇది నున్నగా ఉంది, కొత్తది. దాన్ని మళ్లీ పెట్టి ఫోను అమ్మ చేతికిచ్చింది.

"సుజా, యాడీ నంబర్‌కు ఫోన్ కొట్టు."

రాజీ తన ఫోను తాళం తీసి ఇస్తే సుజాత కొట్టింది. బెంచీ మీద తారి చేతిలో ఫోను మోగింది.

"వస్తుంది కదక్కా. నంబరు మంచిగనే ఉంది."

"ఇప్పుడు ఉత్త మెసేజ్ పెట్టు."

పెట్టింది. వెళ్లినట్టు చూపించింది. తారి ఫోను ఉలకలేదు, పలకలేదు. ఒక నిమిషం. రెండు నిమిషాలు.

కాల్ వస్తుంది, మెసేజ్ రాదు. ఇలా అయ్యేది ఒకే ఒక్క పద్ధతిలో. కాల్ ఫార్వర్డ్. అసలు కార్డు ఇంకెవరి దగ్గరో ఉంది. దానికొచ్చే కాల్స్‌ను ఈ కొత్త నంబరుకు మళ్లించారు. మళ్లింపు కాల్స్‌కే పని చేస్తుంది, మెసేజ్‌లు అసలు కార్డుకే పోతాయి. అమ్మకు ఎవరు ఫోన్ చేసినా మోగుతుంది. ఎవరికీ అనుమానం రాదు.

"మరి యాడీ నాకు చేసినప్పుడు వేరే నంబర్ పడాలె కద" అని తనలో తానే అనుకుంటూ అమ్మ ఫోనుతో తన ఫోనుకు కొట్టింది. తెర మీద ఎప్పటిలాగే 'యాడీ' అని పడింది. ఆ పేరు మీద నొక్కింది. లోపల రెండు నంబర్లున్నాయి.

రెండోది తాను ఎక్కించలేదు.

రాజీ ఫోను తాళం తెలిసిన మనిషి లోకంలో ఒక్కడే. పోయిన ఆదివారం అమ్మ ఫోను గ్లాసు పగిలింది. రిపేరు రాజీది. కాని ఆ రోజు చందే లాక్కున్నాడు. "నువ్వు తండాకు పోయి రా రాజీ, అత్తమ్మ ఫోను నేను జేస్త, గంట పని." గ్లాసు మార్చేటప్పుడు సిమ్ తీసి చీటీకి టేపుతో అంటించడం ఏ రిపేర్ కొట్లోనైనా ఆనవాయితీ. మళ్లీ పెట్టేటప్పుడు ఏ చీటీ మీది కార్డు పెట్టారో ఎవరు చూస్తారు?

"ఏందక్కా, మొఖం అట్లయింది?"

"ఏం లేదు" అంది రాజీ.

సుజాత ఊరుకోలేదు. "సిమ్ము ఖరాబైతే కొత్తది తియ్యి. మనది సిమ్‌ల కొట్టే కద!"

"తీస్తే పాత కార్డు చస్తది. కొత్త దానికి ఇరవై నాలుగు గంటలు మెసేజ్‌లు రానియ్యరు. రూలు. దొంగలు డూప్లికేట్ తీసి ఓటీపీలు గుంజుతున్నరని పెట్టిన్రు." రాజీ గడియారం వైపు చూసింది. పదకొండు దాటి ఐదు నిమిషాలు. "మనకు ఆరు గంటలే ఉన్నయి. ఆ పాత కార్డే కావాలె. లే, బండికి పోదాం."

"ఎక్కడికి?"

"మీ బావ దగ్గరికి."

కొట్టు తారికి అప్పజెప్పి, ఆమె ఫోను పర్సులో వేసుకుని రాజీ నడిచింది. తారి వెనక నుంచి కేకేసింది. "చందుకు ఏమన్న పట్కపొండ్రి. పొద్దుగాల తినకుండ పోయిండు."

*

రైలు కాజీపేట బయట నలభై నిమిషాలు నిలబడింది. కిటికీ పక్కన సుజాత సెకన్లు లెక్కపెడుతుంటే రాజీ వేరే లెక్క వేసుకుంది. ఎందుకు? చందుకు సుజాత సీటు మీద కోపమేంటి? ఆ పిల్లకు ర్యాంకు వచ్చిన రోజు మిఠాయి డబ్బా తెచ్చింది అతనే.

జవాబు సుజాత నోటి నుంచే ఊడిపడింది.

"అక్కా, ఒక ముచ్చట చెప్త, కోపం జెయ్యకు. పోయిన నెల హరిలాల్ ఫోన్ చేసిండు."

హరిలాల్ చందు తమ్ముడు. భూపాలపల్లి గనిలో ఉద్యోగం. క్వార్టర్ కూడా వచ్చింది.

"ఏమంటడు?"

"నర్సింగు గిర్సింగు ఎందుకు, భూపాలపల్లి వచ్చి క్వార్టర్ల ఉండు అన్నడు. మా అన్న మాటిచ్చిండు, ఉగాది దాటినంక లగ్గం అన్నడు. నేను నవ్విన. బావకు చెప్పిన. పిచ్చోడు, నేను గట్టిగ మందలిస్త అన్నడు బావ."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు బాధపడ్తవు, చెప్పకు అన్నడు."

రాజీ కళ్లు మూసుకుంది. పాము పెరట్లో ఉందనుకుంటే వెతకొచ్చు. పక్కలోనే ఉంటే ఏ దీపం పట్టుకుని వెతుకుతారు?

*

జనగామలో దిగేసరికి మూడు కావడానికి పది నిమిషాలు. డిస్ట్రిబ్యూటర్ సంతోష్ ఆఫీసు బస్టాండు పక్క సందులో, పత్తి గింజల దుకాణం మీది అంతస్తు. హాల్లో ఇరవై మంది ఏజెంట్లు. రెండో వరుసలో చందు, చేతిలో టీ గ్లాసు, పక్కవాడి జోకుకు విరగబడి నవ్వుతూ.

రాజీ గుమ్మంలోనే ఆగింది. "యాడీ సిమ్ము ఇయ్యి" అంది.

నవ్వు సగంలో తెగింది. "రాజీ? ఏందిట్ల? సుజాత కూడ వచ్చిందా? ఏ సిమ్ము?"

"ఆదివారం మార్చింది."

హాలంతా తిరిగి చూసింది. "ఏందే చందూ, ఇంట్ల గొడవ జనగామ దాక వచ్చిందా?" అని ఎవడో అన్నాడు. ఇంకొకడు కిసుక్కున నవ్వాడు. చందు లేచి ఆమెను వరండాలోకి లాక్కొచ్చాడు. సుజాత వెంట వచ్చింది. ఏమైందోనని సంతోష్ కూడా.

"ఆ... అదా" అన్నాడు చందు, తల గోక్కుంటూ. "గ్లాస్ ఏసేటప్పుడు చీటీలు తారుమారైనట్టున్నయి. చూసుకోలే. ఆగు, బ్యాగుల ఉంది." తీసి ఒక కార్డు ఆమె అరచేతిలో పెట్టాడు. మూల వంకర. కత్తెరతో కత్తిరించినట్టే ఉంది. "దీనికోసం గింత దూరం ఉరికొస్తరా? ఫోన్ జేస్తే నేనే తెద్దును కద."

సుజాత ముఖం విప్పారింది. "దొరికిందక్కా!"

రాజీ కార్డును అమ్మ ఫోనులో పెట్టి ఆన్ చేసింది. సిగ్నలు వచ్చింది. సుజాత ఆత్రంగా అక్క ఫోనుతో అమ్మ నంబరుకు కొట్టింది. సంబంధం లేని గొంతు పలికింది: చందాదారు స్విచ్ ఆఫ్ చేసి ఉన్నారు.

"అగ్గో, నెట్‌వర్క్ ఇంక ఎక్కలేనట్టుంది. జర సేపు ఆగున్రి, పది నిమిషాలు" అన్నాడు చందు.

రాజీ ఆగలేదు. తెర మీద మూడో వరుస చూసింది. పైకి కిందికి జరిపింది. కార్డు బొమ్మ లేదు.

నెట్‌వర్క్ లేకపోయినా, రీఛార్జి అయిపోయినా, నంబరే చచ్చిపోయినా ఆ మెనూ కనిపిస్తుంది. టవర్‌తో దానికి పని లేదు. అది ఉండేది చిప్పులో. ఇందులో లేదంటే ఇది అమ్మ కార్డు కాదు.

"సంతోషన్నా" అంది రాజీ, మొగుడి మీంచి చూపు తిప్పకుండా. "ఇప్పుడొచ్చే కొత్త సిమ్‌లల్ల సర్వీసుల మెనూ వస్తదా?"

"రాదక్కా" అన్నాడు సంతోష్, ఏమీ తెలియక. "పోయిన బ్యాచ్ నుంచి తీసేసిన్రు. పాటలు, క్రికెట్టు, అన్నీ ఇప్పుడు యాప్‌లనే. పాత కార్డులకే ఉంటది."

"ఇన్నవా?" అంది రాజీ చందుతో. "కత్తెర మంచిగనే పెట్టినవు. దీన్ని పట్టుకొని మేం నాలుగున్నర దాక నెట్‌వర్క్ కోసం కూసోవాలె, గంతేనా? ఈన్నే, మీ వాళ్లందరి ముంగట అడగమంటవా, లేకుంటే ఇస్తవా? నీ ఏజెంట్ కోడ్ మీద నువ్వే తీసుకున్న సిమ్ములు మీ అత్తమ్మ ఫోన్ల ఎందుకు తిరుగుతున్నయని సంతోషన్న కంపెనీకి రాయాల్సొస్తది."

సంతోష్ ముఖంలో రంగు మారింది. "చందూ. ఉంటే ఇచ్చెయ్. నన్ను కలుపకు దీంట్ల."

చందు బ్యాగు మళ్లీ తెరిచాడు. లోపలి జేబులోంచి ఒక చిన్న బటన్ ఫోను తీశాడు. స్విచ్ ఆఫ్ చేసి ఉంది. వెనక మూత తీసి, బ్యాటరీ కింది కార్డును వేలితో తోశాడు.

ఆ ఫోనును ఆరేళ్లలో రాజీ ఎన్నడూ చూడలేదు.

మూడు ఇరవై. కార్డు అమ్మ ఫోనులో కూర్చుంది. తెర ఒక్కసారి మినుకుమని మూడో వరుస చివర చిన్న బొమ్మ వచ్చి నిలబడింది. ఆ వెనకే మెసేజ్‌లు మోగాయి. గడువు చెల్లిన ఓటీపీలు, సుజాత ఉత్తగా పెట్టినది, అన్నీ పొద్దున్నుంచి దారి కాసుకుని ఉన్నవి. సుజాత సైటు తెరిచింది. ఓటీపీ పది సెకన్లలో వచ్చింది.

లోపలికి వెళ్లగానే ఫోనును అక్క వైపు తిప్పింది.

ఎంచుకున్న కాలేజీలు: సున్నా. చివరి మార్పు: మంగళవారం, రాత్రి ఎనిమిది నలభై.

మంగళవారం. రాజీకి ఆ పూట బాగా గుర్తుంది. ముగ్గురూ కలిసి జొన్నరొట్టె తిన్నారు. చందు ఫోన్ మాట్లాడొస్తానని మిద్దె మీదికి వెళ్లాడు. దిగొచ్చి సుజాత కంచంలో ఇంకో రొట్టె వేసి అన్నాడు, "తినవే నర్సమ్మా, రేపు సూదులు పొడవాలంటే బలముండాలె." అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ రాజీ నవ్వింది.

"కూసో" అంది రాజీ చెల్లెలితో. "మల్ల పెట్టు. ఒకటొకటి. నేను చదువుతా, నువ్వు నొక్కు."

సంతోష్ తన గదిలో కుర్చీ వేశాడు, వైఫై ఇచ్చాడు. సుజాత దగ్గర వరుస రాసుకున్న కాగితం ఉంది. ఒకటో కాలేజీ. రెండోది. ఆరోది పెడుతుంటే సైటు తిరుగుతూ నిలిచిపోయింది. మళ్లీ మొదలు. మళ్లీ ఓటీపీ. నాలుగు దాటింది. నాలుగున్నర. పదకొండూ కూర్చున్నాయి. ఫ్రీజ్ నొక్కేటప్పుడు ఇంకో ఓటీపీ అడిగింది. అదీ వచ్చింది. నాలుగు నలభై ఏడుకు తెర మీద పచ్చటి గీత, మీ ఎంపిక ఖరారైంది అని.

సుజాత బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. రాజీకి ఏడుపు రాలేదు. అమ్మ ఫోనులో కాల్ మళ్లింపును రద్దు చేసి, వరండాలోకి వచ్చింది. చందు గోడకు ఆనుకుని ఉన్నాడు.

"మంచికే జేసిన రాజీ" అన్నాడు. "నాలుగేండ్లు హాస్టలు, ఆ తర్వాత ఏ దేశమో. హరిలాల్‌ది పర్మినెంట్ నౌకరి. ఇంట్ల పిల్ల ఇంట్లనే ఉంటది. మా నాయిన పోయేటప్పుడు తమ్ముని చూసుకొమ్మన్నడు. మాటిచ్చిన."

"ఎవల్ని ఇచ్చినవు మాట కింద?"

చందు వేలితో గోడ సున్నం గీకాడు.

"నాతోని కొట్లాడితే అయిపోతుండె. వద్దు, పిల్లను పంపొద్దు అంటే నేను ఇంటనో, తిడుతనో, ఏదో ఒకటి అయ్యేది. కొట్లాట మనుషులు జేసే పనే." ఆమె గొంతు పెరగలేదు. "నువ్వు నా ఫోన్ల మా అమ్మ పేరు కింద నీ నంబర్ ఎక్కించినవు. వారం నుంచి యాడీ అని తెర మీద పడితే నేను నవ్వుకుంట ఎత్తుతున్న. ఆ పని జేసేటప్పుడు నేను పక్కనే పండుకొని ఉన్ననా? నిద్రల ఉన్ననా?"

"రాజీ..."

"చెప్పు, ఊకెనే అడుగుతున్న."

"...నిద్రల ఉన్నవు."

రాజీ తలూపింది. తెలుసుకోవాల్సింది అదొక్కటే అన్నట్టు.

"ఇంటికి రావాల్నా, వద్దా?" అన్నాడు చందు.

"భూపాలపల్లి పో. మీ తమ్మునికి మాట తిరిగిచ్చి రా. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత. నేనిప్పుడు ఏ మాటా ఇయ్య."

స్టేషన్‌కు నడుస్తుంటే పర్సులో అమ్మ ఫోను మోగింది. కొట్టు నంబరు. తారి ల్యాండ్‌లైన్ దగ్గర కూర్చుని, గుర్తున్న తన నంబరు అంకెల బొమ్మలు వరసగా నొక్కింది.

"అయిందా బిడ్డా? సుజాత పని అయిందా?"

"అయింది యాడీ."

"చందు ఉండబట్టి అయింది" అంది తారి, గొంతు నిండా సంతోషంతో. "కొడుకు లేని లోటు తీర్చిండు. అన్నం తిన్నడా మరి?"

సందు చివర పల్లీల బండివాడు గంట కొట్టాడు. సుజాత ఆగి అక్క ముఖంలోకి చూసింది. రాజీ ఫోనును ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది.

"నువ్వు కొట్టు కట్టెయ్ యాడీ" అంది. "షట్టర్‌కు రెండో తాళం కూడ ఎయ్యి. వస్తున్నం, ఇద్దరమే."